కౌంటర్ ఆఫర్ వచ్చింది, రిక్రూటర్‌కి ఇప్పుడు ఏమని చెప్పాలి?

కూకట్‌పల్లి_కుర్రాడు · సోమవారం, రాత్రి 11:40

రెండు పడవల మీద కాళ్ళు పెట్టి కూర్చున్నాను. కాస్త దారి చెప్పండి.

నాకు ఆరేళ్ళ అనుభవం, జావా. ఇప్పుడున్న కంపెనీలో నాలుగేళ్ళ మూడు నెలలుగా ఉన్నాను. సపోర్ట్ ప్రాజెక్టు, అమెరికా క్లయింట్, వారానికి మూడు రాత్రులు మేలుకోవాలి. జీతం 14.5 లక్షలు. ఒక కన్సల్టెన్సీ ద్వారా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఇంకో కంపెనీకి ఇంటర్వ్యూలు ఇచ్చాను, అన్నీ దాటాను. ముందు ఆఫర్ ఇవ్వబోతున్నామని ఎల్ఓఐ మెయిల్ పంపి, "రిజైన్ చేసిన స్క్రీన్‌షాట్ పంపితేనే అసలు ఆఫర్ లెటర్ వస్తుంది" అన్నారు. పన్నెండు రోజుల కింద రిజైన్ చేశాను. నోటీస్ తొంభై రోజులు. పోయిన గురువారం ఆఫర్ లెటర్ వచ్చింది, 20 లక్షలు. కన్సల్టెన్సీ మేడమ్ ఫోన్ చేస్తే "తప్పకుండా జాయిన్ అవుతానండి" అనేశాను. పోర్టల్‌లో యాక్సెప్ట్ మాత్రం ఇంకా నొక్కలేదు, ఈ శుక్రవారం వరకు గడువుంది.

ఇవాళ మా మేనేజర్ మీటింగ్ రూంలోకి పిలిచి 19 లక్షల కౌంటర్ లెటర్ చేతిలో పెట్టాడు. డెవలప్‌మెంట్ ప్రాజెక్టుకు మారుస్తానన్నాడు, నైట్ షిఫ్టులు ఉండవన్నాడు.

ఇంకా ఏదీ తేల్చుకోలేదు. ఈ సంగతి కన్సల్టెన్సీ మేడమ్‌కి చెప్పాలా? చెబితే ఉన్న ఆఫర్ కూడా ఊడుతుందా? సాయంత్రం నుంచి ఆవిడ రెండుసార్లు చేసింది, ఎత్తలేదు.

బెజవాడ_బాబాయ్ · సోమవారం, రాత్రి 11:58

ఎత్తకు. నొక్కేది యాక్సెప్ట్ నొక్కేయ్, తొంభై రోజులు చేతిలో ఉన్నాయిగా, చివర్లో చూసుకోవచ్చు. ఎటు లాభమైతే అటు. కంపెనీలు మాత్రం చివరి నిమిషంలో ఆఫర్లు వెనక్కి తీసుకోవట్లేదా?

కాకపోతే ఒకటి గుర్తుపెట్టుకో. యాక్సెప్ట్ నొక్కి జాయిన్ కాకపోతే కేసు వేసే హక్కు వాళ్ళకుంది, సంతకం సంతకమే. అది కూడా చూసుకో.

నిశ్శబ్దరాగం · మంగళవారం, ఉదయం 7:15

నా సలహా ఏంటంటే, బయట ఆఫర్ ఉన్న సంగతి మేనేజర్‌కి ముందే చెప్పకూడదు. రిజిగ్నేషన్ పెట్టే రోజున చెబితే చాలు. ముందే తెలిస్తే అప్రైజల్‌లో రేటింగ్ తగ్గిస్తారు. మా టీంలో అలాగే జరిగింది.

కూకట్‌పల్లి_కుర్రాడు · మంగళవారం, ఉదయం 7:50

అన్నా, మేనేజర్‌కి తెలిసింది, కౌంటర్ ఇచ్చిందే ఆయన. నేను అడిగేది అవతల రిక్రూటర్‌కి చెప్పడం గురించి.

నిశ్శబ్దరాగం · మంగళవారం, ఉదయం 7:56

ఓహ్, సగం చదివి రాసేశాను. మన్నించండి.

తిరుగుటపా · మంగళవారం, ఉదయం 9:20

పన్నెండేళ్ళు ఈ పనే చేశాను. ఐదేళ్ళు కన్సల్టెన్సీలో, తరువాత కంపెనీ లోపలే రిక్రూట్‌మెంట్‌లో. కౌంటర్ వచ్చిందన్న ఫోన్లు ఎన్ని అందుకున్నానో లెక్కలేదు. కాబట్టి అటువైపు నుంచి ఎలా కనిపిస్తుందో చెబుతాను.

మొదట, ఆ రెండు మిస్డ్ కాల్స్. రిజైన్ చేసిన మనిషి రెండో వారంలో ఫోన్ ఎత్తకపోతే కౌంటర్ వచ్చిందనే మేం అనుకుంటాం. మీరు చెప్పకపోయినా ఆవిడకు సగం అర్థమైపోయింది. దాచి సాధించేదేమీ లేదు.

ఆవిడ సంగతి కూడా తెలుసుకోండి. కన్సల్టెన్సీలకు ఫీజు సాధారణంగా మీ ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. మీ విషయంలో లక్షా అరవై వేల పైమాటే. అది మీరు జాయిన్ అయితేనే వస్తుంది. చాలా ఒప్పందాల్లో మీరు తొంభై రోజులు నిలబడాలని షరతు కూడా ఉంటుంది, లేదంటే ఇంకో మనిషిని ఉచితంగా వెతికి పెట్టాలి. అందుకే ఆవిడ గట్టిగా పట్టుబడుతుంది. "కౌంటర్ తీసుకున్న వాళ్ళందరూ ఆరు నెలల్లో బయటికొస్తారు" లాంటి లెక్కలు చెబుతుంది. వినండి, కానీ అవి విని నిర్ణయం తీసుకోకండి. కంపెనీ సొంత రిక్రూటర్‌కి ఈ కమీషన్ గొడవ ఉండదు. వాళ్ళ బాధ వేరు, ఇచ్చిన ఆఫర్లలో ఎంతమంది చేరారన్న లెక్క నెలాఖరుకు పైవాళ్ళకు చూపించాలి.

ఇక ఎందుకు ఇప్పుడే చెప్పాలంటే, ఇవాళ మీ నోటీస్‌లో పదమూడో రోజు. మీ తరువాతి స్థానంలో ఉన్న అభ్యర్థి ఇంకా దొరికే సమయం ఇది. అదే ఎనభై ఐదో రోజున చెబితే ఆ మనిషి ఎక్కడో చేరిపోయి ఉంటాడు. ఆ టీం మళ్ళీ మొదటి నుంచి వెతికి, కొత్తవాడికి ఇంకో తొంభై రోజులు ఆగాలి. మొత్తం ఆరు నెలలు కుర్చీ ఖాళీ. మా రికార్డులో ఈ రెండూ ఒకలా పడవు. ముందే చెప్పినవాళ్ళ పేరు పక్కన "ఆఫర్ తిరస్కరించారు, కారణం కౌంటర్" అని పడుతుంది, ఏడాది తరువాత వాళ్ళను మళ్ళీ పిలిచిన సందర్భాలు నాకే ఉన్నాయి. యాక్సెప్ట్ నొక్కి జాయినింగ్ రోజున ఫోన్ ఆపేసినవాళ్ళను ఆ కంపెనీ మళ్ళీ తీసుకోదు.

బాబాయ్ గారి కేసు మాట సగమే నిజం. ఉద్యోగంలో చేరమని ఎవరినీ ఏ కోర్టూ బలవంతపెట్టదు. ఒప్పందం తప్పినందుకు నష్టం అడగొచ్చని చట్టంలో ఉంది కానీ, మామూలు ఉద్యోగి మీద అంత దూరం వెళ్ళినవాళ్ళను నేను చూడలేదు. మీరింకా నొక్కనేలేదు, జాయినింగ్ బోనస్ చేతికి రాలేదు, తిరిగి ఇవ్వాల్సిందీ లేదు. అసలు ఇబ్బంది కోర్టు కాదు, మాట.

ఫోన్ చేసే ముందు ఒక పని చేయండి. ఆ 20, ఈ 19, వీటిని విడగొట్టి ఇక్కడ రాయండి. ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్ ఎంత, ఒక్కసారే ఇచ్చేది ఎంత?

ఫ్రిస్కో_వాసి · మంగళవారం, ఉదయం 10:05

ఇక్కడ టెక్సాస్‌లో ఈ బాధే లేదు. రెండు వారాల నోటీస్, అది కూడా మర్యాదకే. కాకపోతే నా కథ వేరు. కొత్త కంపెనీ హెచ్1బి ట్రాన్స్‌ఫర్ ఫైల్ చేయడానికి సిద్ధమైంది, లాయరు ఫీజు కట్టబోతోంది, అప్పుడు పాత కంపెనీ గ్రీన్‌కార్డు ఫైల్ చేస్తామని పట్టుకుంది. నాకు డబ్బు కన్నా అదే ముఖ్యం. రిక్రూటర్‌కి మూడు రోజులు ముఖం చాటేసి, చివరికి మెయిల్ పెట్టాను. ఆమె ఒక్క లైనులో జవాబిచ్చింది: సోమవారమే చెప్పి ఉంటే ఫీజు ఆపేవాళ్ళం అని. ఇప్పటికీ ఆ మెయిల్ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కూకట్‌పల్లి_కుర్రాడు · మంగళవారం, మధ్యాహ్నం 1:30

లెటర్లు రెండూ పక్కన పెట్టి చూశాను.

కొత్తది 20: ఫిక్స్‌డ్ 17.5, వేరియబుల్ 1.5, జాయినింగ్ బోనస్ 1. ఏడాదిలోపు మానేస్తే ఆ లక్ష తిరిగి కట్టాలి.

కౌంటర్ 19: ఫిక్స్‌డ్ 16, రిటెన్షన్ బోనస్ 3. సగం ఆరో నెలలో, సగం పన్నెండో నెలలో. మధ్యలో మానేస్తే మొత్తం వెనక్కి. ఇందులో వేరియబుల్ లేదు. ప్రాజెక్టు మార్పు గురించి లెటర్‌లో ఒక్క ముక్క లేదు.

ఇప్పటి జీతంలో ఫిక్స్‌డ్ 13.6, మిగతాది వేరియబుల్.

తిరుగుటపా · మంగళవారం, మధ్యాహ్నం 2:10

ఇప్పుడు బొమ్మ కనిపిస్తోంది చూడండి. తేడా ఒక లక్ష అనుకున్నారు. రెండో ఏడాదికి వెళ్ళండి. రిటెన్షన్ బోనస్ అయిపోతుంది, కౌంటర్ 16 దగ్గర ఆగుతుంది. అవతల జాయినింగ్ బోనస్ తీసేసినా, వేరియబుల్ పూర్తిగా వస్తే 19. వేరియబుల్ ఒక్క రూపాయి రాకపోయినా 17.5. ఫిక్స్‌డ్ తేడాయే లక్షన్నర, నెలకు పన్నెండున్నర వేలు.

ఇంకో చిక్కు ఉంది. ఈ పెంపును వచ్చే ఏప్రిల్ అప్రైజల్ కింద కలిపేస్తారా లేదా అన్నది అడిగారా? చాలాచోట్ల కలిపేస్తారు, ఏప్రిల్‌లో "నీకు ఇప్పుడే ఇచ్చాం కదా" అంటారు. అది హెచ్‌ఆర్ నుంచి మెయిల్‌లో రావాలి. ప్రాజెక్టు మార్పు కూడా అంతే: ఏ ప్రాజెక్టు, ఏ తేదీ.

వరంగల్_అక్క · మంగళవారం, మధ్యాహ్నం 3:45

తమ్మీ, నేను కౌంటర్ తీస్కున్నదాన్నే. రెండేండ్ల కింద. మా మేనేజర్ గూడ గిట్లనే చెప్పిండు, వేరే టీంలకు మారుస్త అని. నోటి మాట. నెల ఆగు, క్వార్టర్ ఆగు, క్లయింట్ ఒప్పుకుంటలేడు, గిట్ల ఎనిమిది నెలలు నడిచింది. రిటెన్షన్ పైసల కోసం ఇంకో నాలుగు నెలలు పండ్లు బిగబట్టుకొని కూసున్న. పన్నెండో నెల పైసలు పడ్డంక తెల్లారే రిజైన్ చేసిన.

తప్పు అని అంటలేను. అప్పుడు మా పాప చిన్నది, ఇంటి దగ్గర ఆఫీసు కావాలె, పైసలు గూడ కావాలె, అక్కరకొచ్చినయ్. కానీ నైట్ షిఫ్టు పోతదని ఉంటే మాత్రం కాయితం మీద రాపిచ్చుకో.

రిక్రూటర్‌కు నేను మాత్రం అబద్ధం చెప్పిన. మా అత్తమ్మకు పాణం బాగలేదని. ఏడాది తర్వాత అదే పిల్ల వేరే కంపెనీ నుంచి ఫోన్ చేసి, ముందుగాల "అత్తమ్మ ఎట్లున్నరు మేడమ్?" అనడిగింది. మా అత్తమ్మ అప్పుడు పక్కనే కూసొని చిక్కుడుకాయలు గిల్లుతుంది.

బెజవాడ_బాబాయ్ · మంగళవారం, సాయంత్రం 6:20

అక్కా, చిక్కుడుకాయలు సూపర్ 😄

సరే, నేను చెప్పేది ఇంకో పాయింట్. కుర్రాడు నాలుగేళ్ళ మూడు నెలలు అన్నాడు. ఐదేళ్ళు నిండితే గ్రాట్యుటీ. బేసిక్ ఎంత బాబూ?

కూకట్‌పల్లి_కుర్రాడు · మంగళవారం, సాయంత్రం 6:32

55 వేలు.

బెజవాడ_బాబాయ్ · మంగళవారం, సాయంత్రం 6:41

పదిహేను ఇరవైఆరో వంతులు, ఇంటూ 55 వేలు, ఇంటూ ఐదేళ్ళు. లక్షా యాభై ఎనిమిది వేల ఆరువందల చిల్లర. ఇది ఇప్పుడు వదిలేసి వెళ్తే గుండుసున్నా. ఈ లెక్క ఎవరూ వెయ్యరు. తిరుగుటపా గారూ, ఇది చెప్పి ఆ కంపెనీ దగ్గర అడగొచ్చు కదా?

తిరుగుటపా · మంగళవారం, రాత్రి 8:05

మంచి పాయింట్ పట్టారు, ఇది నాకు తట్టలేదు. నోటీస్ పూర్తయ్యేసరికి ఆయనకు నాలుగున్నరేళ్ళు అవుతాయి, ఐదుకు ఆరు నెలలు తక్కువ. అడగొచ్చు. ఫిక్స్‌డ్ పెంచమంటే ఆ టీంలో అదే స్థాయిలో ఉన్నవాళ్ళ జీతాలతో పోలిక వస్తుంది, పైవాళ్ళ అనుమతి కావాలి, రెండు మూడు పనిదినాలు తిరిగి చాలాసార్లు "లేదు" అని వస్తుంది. అదే వదులుకుంటున్న గ్రాట్యుటీకి బదులు జాయినింగ్ బోనస్ పెంచమంటే అది ఒక్కసారి ఖర్చు, ఎవరి జీతంతోనూ ముడిపడదు. మాకు పైన చెప్పుకోవడానికి ఒక కారణం దొరుకుతుంది.

ఒక్క షరతు. వాళ్ళు ఇస్తే మీరు చేరాలి. చేరే ఉద్దేశం లేకుండా, ఇక్కడ ఇంకాస్త లాగడానికి అక్కడ అడగడం, మళ్ళీ దాన్ని తెచ్చి ఇక్కడ చూపించడం, అది వేలంపాట. రెండో రౌండులో మాకు తెలిసిపోతుంది, హైరింగ్ మేనేజర్ "వదిలెయ్యండి, రెండో వాడికి ఇవ్వండి" అంటాడు. అలా ఆఫర్లు నేనే వెనక్కి తీసుకున్నాను. యాక్సెప్ట్ నొక్కని ఆఫర్‌ని వెనక్కి తీసుకోవడం మాకు చాలా తేలిక, అది కూడా గుర్తుంచుకోండి. అంటే మీ మొదటి పోస్టులోని భయం పూర్తిగా ఉత్తిది కాదు.

ఫోన్‌లో ఏమనాలంటే, నేనైతే ఇలా వినడానికి ఇష్టపడతాను:

"మేడమ్, నిన్న ఫోన్ ఎత్తలేకపోయాను, క్షమించండి. నేను మీకు వస్తానని చెప్పాను. ఆ తరువాత నిన్న మా కంపెనీ రాతపూర్వకంగా కౌంటర్ ఇచ్చింది. నేను దానికి ఒప్పుకోలేదు, వద్దని కూడా అనలేదు. గురువారం సాయంత్రం ఆరింటికి మీకు అవునో కాదో చెబుతాను. ఈలోగా నాకున్న ప్రశ్న ఒక్కటే, జాయినింగ్ బోనస్‌లో ఏమైనా వీలుందా? గ్రాట్యుటీ ఇంత పోతోంది."

ఇంతే. అందులో ఒక తేదీ ఉంది, ఒకే ఒక్క అడుగు ఉంది, నిజం ఉంది. "ఇంట్లో ఆలోచిస్తున్నారు", "చూద్దాం" లాంటివి వద్దు, ఆ మాటలు వింటే మేం మీ పేరు చేరనివాళ్ళ జాబితాలో వేసేస్తాం.

ఫోన్ పెట్టాక అదే సంగతి రెండు లైన్లలో మెయిల్. కన్సల్టెన్సీకి ఒక్కటే కాదు, ఆఫర్ లెటర్ పంపిన కంపెనీ హెచ్‌ఆర్‌ని కూడా కాపీలో పెట్టండి. కన్సల్టెంట్ ఎప్పటికైనా మిమ్మల్ని ఒప్పించొచ్చనే ఆశతో వార్తను తన దగ్గరే ఉంచుకోవచ్చు. నేనూ ఒకప్పుడు అలా చేశాను. అవతల కంపెనీకి మాత్రం మీరు మూగనోము పట్టినట్టు కనిపిస్తుంది.

పగటికల · మంగళవారం, రాత్రి 9:30

దీంతో నేను ఒప్పుకోను. కన్సల్టెంట్‌ని దాటి క్లయింట్‌కి మెయిల్ పెడితే వాళ్ళు మళ్ళీ మన ప్రొఫైల్ ఎక్కడా పంపరు. నాకు జరిగింది. ముందు ఆవిడని అడిగి పెట్టడం మంచిది.

తిరుగుటపా · మంగళవారం, రాత్రి 9:44

ఫోన్‌లో "మెయిల్‌లో వాళ్ళనీ కాపీలో పెడుతున్నాను" అని చెప్పి పెట్టండి. అనుమతి అడగక్కర్లేదని నేను ఇప్పటికీ అంటాను, ఆఫర్ ఇచ్చింది కంపెనీ.

కూకట్‌పల్లి_కుర్రాడు · బుధవారం, సాయంత్రం 7:10

చేశాను. ఉదయం పదిన్నరకు, ఆఫీసు మెట్ల మీద కూర్చుని. చెమటలు పట్టాయి.

మేడమ్ ముందు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "నిన్ననే చెప్పాల్సింది కదా, నేను క్లయింట్‌కి కన్‌ఫర్మ్ అని చెప్పేశాను" అంది. ఆ తరువాత తిరుగుటపా గారు చెప్పినట్టే ఆరు నెలల లెక్క మొదలుపెట్టింది, నవ్వు ఆపుకున్నాను. చివర్లో "కౌంటర్ లెటర్ కాపీ పంపండి, అది లేకుండా క్లయింట్‌ని అడగలేను" అంది. ఇవ్వాలా? దాని మీద కాన్ఫిడెన్షియల్ అని ఉంది.

మా మేనేజర్‌ని కూడా ప్రాజెక్టు సంగతి మెయిల్‌లో అడిగాను. జవాబు ఇదీ: వచ్చే క్వార్టర్‌లో అవకాశాన్ని బట్టి ప్రయత్నిస్తాం. ఏప్రిల్ అప్రైజల్ గురించి అసలు జవాబే లేదు.

వరంగల్_అక్క · బుధవారం, సాయంత్రం 7:18

"ప్రయత్నిస్తాం." గదే మాట నాకు చెప్పింది గూడ.

బెజవాడ_బాబాయ్ · బుధవారం, సాయంత్రం 7:40

లెటర్ పంపెయ్, ఏమవుతుంది? అందరూ పంపుతున్నారు. పేరు చెరిపేసి పంపు.

తిరుగుటపా · బుధవారం, రాత్రి 8:30

అందరూ పంపుతున్న మాట నిజమే, మేం అడుగుతున్న మాటా నిజమే. కానీ మీరింకా ఆ కంపెనీ ఉద్యోగి, రిలీవింగ్ లెటర్ వాళ్ళ చేతిలో ఉంది. ఫిక్స్‌డ్ ఇంత, రిటెన్షన్ ఇంత అని అంకెలు మీ మాటల్లో మెయిల్‌లో రాయండి. నేను అలా రాసిన వాటి మీద అనుమతులు తెచ్చాను, లెటర్ లేనిదే కుదరదన్న చోట ఆగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. అంకెలు పెంచి మాత్రం రాయొద్దు, చెరిపి మార్చిన లెటర్ అసలే వద్దు. చెక్ చేసేటప్పుడు దొరికితే ఆఫర్ అక్కడితో ఆఖరు.

పగటికల · బుధవారం, రాత్రి 8:52

లెటర్ లేకుండా ఏ కంపెనీ పెంచుతుందండీ ఈ రోజుల్లో. నేను స్క్రీన్ షేర్‌లో చూపించాను, పంపలేదు. అది మధ్యేమార్గం.

కూకట్‌పల్లి_కుర్రాడు · గురువారం, రాత్రి 9:15

స్క్రీన్ షేర్ అడగలేదు, అంకెలు రాసి పంపితే సరిపోయింది. మధ్యాహ్నం కంపెనీ హెచ్‌ఆర్ నేరుగా ఫోన్ చేసింది. ఫిక్స్‌డ్ కదలదంది. జాయినింగ్ బోనస్ లక్ష నుంచి లక్షన్నర చేస్తామంది, ఏడాది షరతు అలాగే ఉంటుంది. సవరించిన లెటర్ ఐదున్నరకు వచ్చింది. ఆరింటికి పది నిమిషాల ముందు మేడమ్‌కి ఫోన్ చేసి "వస్తున్నాను" అన్నాను, యాక్సెప్ట్ నొక్కాను. వెంటనే మా హెచ్‌ఆర్‌కి కౌంటర్ వద్దని మెయిల్ పెట్టాను.

ఫ్రిస్కో_వాసి · గురువారం, రాత్రి 9:40

కంగ్రాట్స్. గ్రాట్యుటీలో మూడో వంతు వచ్చినట్టే.

తిరుగుటపా · గురువారం, రాత్రి 10:05

సంతోషం. ఒక చిన్న పని. ఈ రెండు మూడు రోజుల్లో మీ మేనేజర్ "వీడు ఆగుతున్నాడు" అనుకుని పోర్టల్‌లో మీ రిజిగ్నేషన్ వెనక్కి తీసుకునే రిక్వెస్ట్ పెట్టేసి ఉండొచ్చు. తెరిచి చివరి పనిదినం తేదీ ఇంకా కనిపిస్తోందో లేదో చూసుకోండి. అది మాయమైతే నోటీస్ మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్కవేస్తామంటారు.

కూకట్‌పల్లి_కుర్రాడు · గురువారం, రాత్రి 10:31

బాబోయ్. ఇప్పుడే చూశాను. "విత్‌డ్రాయల్, హెచ్‌ఆర్ ఆమోదం కోసం" అని ఉంది. మంగళవారం మధ్యాహ్నమే పెట్టాడు. రద్దు చేయమని హెచ్‌ఆర్‌కి, మేనేజర్‌కి కలిపి మెయిల్ పంపాను, నా మొదటి రిజిగ్నేషన్ మెయిల్ కింద జతచేసి.

బెజవాడ_బాబాయ్ · గురువారం, రాత్రి 10:36

అమ్మ మేనేజరూ!

కూకట్‌పల్లి_కుర్రాడు · రెండు వారాల తరువాత సోమవారం, ఉదయం 10:20

అడిగినవాళ్ళ కోసం: విత్‌డ్రాయల్ రద్దయింది, పాత తేదీయే ఉంది, ఇంకా 64 రోజులు. మేనేజర్ మాట్లాడటం తగ్గించాడు, నైట్ షిఫ్టులు మాత్రం వారానికి నాలుగయ్యాయి. కన్సల్టెన్సీ మేడమ్ ప్రతి సోమవారం పొద్దున్నే "గుడ్ మార్నింగ్, అంతా ఓకేనా?" అని మెసేజ్ పెడుతోంది. ఇవాళ్టిది ఇప్పుడే వచ్చింది. జవాబిచ్చాను.